నూనెతో మేకప్ తీస్తే చర్మ రంధ్రాలు మూసుకుపోతాయా?

ఆరోగ్య ప్రశ్నోత్తరాలు – చర్మం

ప్రశ్న: నా వయసు 24. మాది చాట్రాయి. పెళ్లికూతుళ్లకు మేకప్ వేస్తుంటాను. ముహూర్తాల రోజుల్లో నూజివీడు, విస్సన్నపేట వైపు స్కూటీ మీద తిరగాల్సి వస్తుంది. ఎండకు వాటర్‌ప్రూఫ్ సన్‌స్క్రీన్ రాసుకుని, దాని మీద చెమటకు చెదరని ఫౌండేషన్ వేసుకుంటాను. రాత్రి ఇంటికొచ్చాక మొహం తడుపుకుని కొబ్బరినూనె రాసి, దూదితో తుడిచి, ఒంటి సబ్బుతో రెండుసార్లు కడుగుతాను. కడిగాక మొహం బిర్రుగా లాగుతుంది. రెండు మూడు నెలలుగా నుదుటి మీద, బుగ్గల పక్కన, గడ్డం మీద చర్మం రంగులోనే చిన్న చిన్న గింజలు వస్తున్నాయి. దురద లేదు. డబుల్ క్లెన్సింగ్ చేయమని తోటి బ్యూటీషియన్ అంటోంది. అసలే నాది జిడ్డు చర్మం. దాని మీద మళ్లీ నూనె రాస్తే రంధ్రాలు ఇంకా మూసుకుపోవా?

జవాబు: మీరు ఇప్పుడు చేస్తున్నది కూడా ఒక రకంగా డబుల్ క్లెన్సింగే. ముందు నూనె, తర్వాత నురగ. వరుస సరిగానే ఉంది. కాకపోతే మీరు ఎంచుకున్న నూనె నీళ్లతో పోదు, మీరు ఎంచుకున్న సబ్బు మొహానికి పనికిరాదు. ఈ రెండూ మార్చుకుంటే మీ సమస్యలో చాలా భాగం తీరుతుంది.

నూనె ఎందుకు కావాలో ముందు చూద్దాం. వాటర్‌ప్రూఫ్ సన్‌స్క్రీన్‌లో ఎండను అడ్డుకునే పదార్థాలు చాలావరకు నూనెలో కరిగే రకం. అవి చెమటకు కారిపోకుండా చర్మం మీద పలచని పొరలా ఆరిపోయే పాలిమర్లు కలుపుతారు. చెదరని ఫౌండేషన్‌లో సిలికోన్లు, మైనాలు ఉంటాయి. వీటన్నిటినీ నీటికి లొంగకుండా తయారు చేసినప్పుడు నీళ్లూ, మామూలు నురగా వాటిని పూర్తిగా వదిలించలేవు. నూనె ఆ పొరను మెత్తబరిచి కరిగిస్తుంది. జిడ్డు చర్మంలో ఊరే సెబమ్ కూడా కొవ్వే కాబట్టి అదీ నూనెతో పాటు కదులుతుంది. కాబట్టి జిడ్డు చర్మానికి నూనె రాయడం తప్పు కాదు. రాసిన నూనె మొహం మీదే ఉండిపోవడం తప్పు.

కొబ్బరినూనె దగ్గర తేడా వచ్చేది అక్కడే. అది కూడా మేకప్‌ను కరిగిస్తుంది, కానీ కరిగినదాన్ని తీసుకుని నీళ్లలో కలిసిపోదు. మన తలంటు గుర్తు చేసుకోండి. నూనె అంటాక ఉత్త నీళ్లు ఎన్ని పోసినా జిడ్డు వదలదు, కుంకుడుకాయ పులుసు పడితేనే వదులుతుంది. నూనెకూ నీటికీ పొత్తు కుదిర్చే గుణం ఆ నురగది. బజారులో దొరికే క్లెన్సింగ్ ఆయిల్, క్లెన్సింగ్ బామ్‌లలో అలాంటి పదార్థాన్ని నూనెలోనే కలిపి పెడతారు. దాన్ని ఎమల్సిఫైయర్ అంటారు. (కుంకుడు పులుసు మాత్రం మొహానికి వాడకండి, కళ్లు మండుతాయి.)

కూచిపూడి కళాకారులు, నాటకాల వాళ్లు కొబ్బరినూనెతోనే రంగు తీసుకునేవారు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కొబ్బరినూనె రాసిన ప్రతివారికీ మొటిమలు రావు. ఏ నూనె రంధ్రాలను పూడుస్తుందో తేల్చిన పాత పరీక్షలు కుందేలు చెవి లోపలి చర్మం మీద చేసినవి. అందులో కొబ్బరినూనెకు ఎక్కువ మార్కులే పడ్డాయి. అయితే కుందేలు చెవి మనిషి మొహం కంటే చాలా సున్నితం. కాబట్టి ఆ మార్కులే తుది తీర్పు కావు. జిడ్డు చర్మం, అప్పటికే మొటిమలు వచ్చే స్వభావం ఉన్నవాళ్లు మాత్రం దాన్ని మొహానికి మానుకోవడమే మేలు. మీరు ఆ కోవలోకే వస్తారు.

మీ గింజల గురించి: దురద లేకుండా, చర్మం రంగులోనే, నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతున్నాయంటే అవి మూసుకున్న రోమకూపాలు. మేకప్ వల్ల వచ్చే ఈ రకాన్ని 1972లో అమెరికన్ చర్మవైద్యులు క్లిగ్‌మన్, మిల్స్ 'యాక్నె కాస్మెటికా' అన్నారు. రోమకూపం లోపల మూసుకోవడం మొదలయ్యాక అది పైకి గింజగా కనిపించడానికి వారాలు పడుతుంది. అందుకే నిన్న వాడిన కొత్త క్రీమును ఇవాళ్టి గింజకు కారణం అనుకోవడం చాలాసార్లు పొరపాటు. అదే ఒకటి రెండు రోజుల్లో ఎర్రగా లేచి దురద పెడితే అది ఎలర్జీ కావచ్చు. నుదుటి మీద, ఛాతీ మీద ఒకే సైజు గింజలు వచ్చి బాగా దురద పెడితే అది శిలీంధ్రం వల్ల వచ్చేది కావచ్చు. ఈ రెండింటికీ వైద్యం వేరు.

నూనె ఎంచుకునేటప్పుడు: సీసా మీద 'నాన్‌కమెడోజెనిక్' అని ఉంటే మంచిదే, కానీ ఆ మాటకు అన్ని కంపెనీలూ పాటించే ఒకే పరీక్ష అంటూ లేదు. అంతకంటే నమ్మదగిన పరీక్ష మీరే చేయవచ్చు. అరచేతిలో ఒక బొట్టు వేసి, రెండు మూడు చుక్కల నీళ్లు కలిపి వేలితో రుద్దండి. పాలలా తెల్లబడి, కుళాయి కింద పెట్టగానే జారిపోయి, అరచేయి జిడ్డు లేకుండా ఉంటే అది క్లెన్సింగ్ ఆయిల్. నీళ్లు ముత్యాల్లా విడిగా నిలబడి, కడిగినా చేయి జారుతూనే ఉంటే అది ఉత్త నూనె. కొబ్బరి, నువ్వులు, బాదం, ఆలివ్ నూనెలన్నీ ఈ రెండో రకమే.

ఇక చేసే పద్ధతి.

ముందు చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. మీ ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. మామిడి కోతల రోజుల్లో కాయ పట్టుకున్న చేతికి సొన అంటుకుని ఉంటుంది. అందులో చర్మాన్ని రేపే జిడ్డు పదార్థాలు ఉంటాయి. ఆ చేత్తోనే మొహానికి నూనె మర్దనా చేస్తే సొన మొహమంతా పాకి, మర్నాడో ఆ మర్నాడో ఎర్రగా పొక్కుతుంది. అప్పుడు తప్పు క్లెన్సర్ మీదకు పోతుంది.

చేతులూ మొహమూ పొడిగా ఉండగానే నూనె రాయాలి. ముందే తడిపితే నూనె నీళ్లతో కలిసిపోయి మేకప్‌ను కరిగించే పని మానేస్తుంది. పంపు రెండుసార్లు నొక్కితే వచ్చేంత నూనె సరిపోతుంది. ముక్కు పక్కల, గడ్డం కింద, చెవుల ముందు, జుట్టు మొదలయ్యే చోట వదిలేయకుండా వేళ్ల కొసలతో తేలిగ్గా తిప్పండి. అరనిమిషం నుంచి నిమిషం చాలు. ఎంత ఎక్కువసేపు రుద్దితే అంత మురికి వస్తుందనుకుని ఐదు పది నిమిషాలు రుద్దితే చర్మం రేగి గింజలు పెరుగుతాయి.

తర్వాత వేళ్లు కొద్దిగా తడుపుకుని మళ్లీ తిప్పండి. మొహం మీది నూనె తెల్లబడుతుంది. ఎక్కువమంది వదిలేసేది ఈ అడుగునే. తెల్లబడకుండా నేరుగా నీళ్లు పోస్తే నూనె పొరలా మిగిలిపోతుంది. అంతా తెల్లబడ్డాక గోరువెచ్చని నీళ్లతో కడిగేయండి. వేడినీళ్లు వద్దు.

రెండో విడతకు బఠాణీ గింజంత ఫేస్‌వాష్ చాలు. తడి చేతుల్లో నురగ చేసి, మొహానికి పట్టించి, 20, 30 సెకన్లలో కడిగేయండి. ఒంటి సబ్బు ఎందుకు వద్దంటున్నానంటే, మామూలు సబ్బు క్షార గుణం 9, 10 పీహెచ్ దాకా ఉంటుంది. చర్మం సహజంగా 5 దగ్గర, కొంచెం ఆమ్లంగా ఉంటుంది. కడిగాక మీకు బిర్రుగా లాగుతున్నది అందుకే. పైగా బోరు నీళ్లు కఠినంగా ఉంటే సబ్బు వాటిలోని కాల్షియంతో కలిసి తెట్టు కట్టి చర్మం మీదే మిగులుతుంది. సబ్బు లేని ఫేస్‌వాష్‌లతో ఆ బాధ ఉండదు. మెత్తని బట్టతో అద్దుకుని, చెమ్మ ఆరకముందే పలచని మాయిశ్చరైజర్ రాయండి.

సరిగా అయిందో లేదో తెల్లని దూది చెబుతుంది. దాన్ని తడిపి దవడ అంచున, ముక్కు పక్కన ఒకసారి అద్ది చూడండి. ఫౌండేషన్ రంగు అంటితే మొదటి విడత చాలలేదు. దూది తెల్లగానే ఉన్నా మొహం జారుతుంటే నూనె మిగిలింది. దూది తెల్లగా ఉండి మొహం లాగుతుంటే ఫేస్‌వాష్ ఘాటు ఎక్కువైంది. రోజూ చూడక్కర్లేదు. చేయి కుదిరేదాకా చూస్తే చాలు.

ఇలా ఎనిమిది వారాలు చేయండి. తలకు రాసే నూనె నుదుటికి దిగకుండా చూసుకోండి. గింజలు వస్తున్నాయని సన్‌స్క్రీన్ మాత్రం మానకండి. ఆ ఎండలో మానేస్తే మంగు మచ్చలు కొత్తగా మొదలు కావచ్చు. ఈ ఎనిమిది వారాల్లో కొత్త గింజలు తగ్గాలి, పాతవి మెల్లగా అణగాలి. క్లెన్సింగ్ కొత్తవి రాకుండా తోడ్పడుతుందే గానీ, అప్పటికే గట్టిగా మూసుకున్నవాటిని తెరవలేదు. వాటికి రాత్రిపూట అడాపలీన్ జెల్ వంటి మందు కావాలి. దాన్ని డాక్టరు చూసి రాయాలి, గర్భిణులు వాడకూడదు. తెల్లబడడానికని స్టెరాయిడ్ కలిసిన క్రీము ఏదైనా వాడుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. అలాంటి క్రీము వల్ల వచ్చిన గింజలు ఏ క్లెన్సర్‌కూ తగ్గవు.

ప్రశ్న: నా దగ్గరకు వచ్చే పెళ్లికూతుళ్లకు ఏం చెప్పాలి? మేకప్ లేని రోజు కూడా రెండుసార్లు కడగాలా? వాటర్‌ప్రూఫ్ కాటుక, మస్కారా ఎలా తీయాలి?

జవాబు: మేకప్ లేని రోజు, వాటర్‌ప్రూఫ్ సన్‌స్క్రీన్ రాయని రోజు ఒక్కసారి ఫేస్‌వాష్ చాలు. పొద్దున లేవగానే రెండు విడతలు ఎవరికీ అక్కర్లేదు. పొడిబారిన చర్మం, ఎగ్జిమా, రోసేషియా ఉన్నవాళ్లు నూనె విడత చేసిన రోజు రెండో విడతకు నురగ తక్కువ వచ్చే క్లెన్సింగ్ లోషన్ వాడుకోవచ్చు.

కళ్లకు: కాంటాక్ట్ లెన్సులు ఉంటే ముందు తీసేయాలి. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న ఐ మేకప్ రిమూవర్‌లో దూది ముంచి, మూసిన రెప్ప మీద అరనిమిషం ఆనించి ఉంచండి. మస్కారా దానంతట అదే వదులవుతుంది. అప్పుడు పైనుంచి కిందికి ఒక్క తుడుపు చాలు. ఆనించకుండా అటూ ఇటూ రుద్దితే వెంట్రుకలు ఊడతాయి, రెప్ప చర్మం నల్లబడుతుంది. నూనె కంట్లో పడి కాసేపు మసకగా కనిపిస్తే కంగారు వద్దు, శుభ్రమైన నీళ్లతో కడిగితే పోతుంది. మంటా ఎరుపూ మర్నాటికీ తగ్గకపోతే కంటి డాక్టరును కలవాలి.

పెళ్లికూతురికి కొత్త క్లెన్సర్‌ను పెళ్లి రాత్రి మొదటిసారిగా వాడించకండి. కనీసం వారం ముందు నుంచీ చెవి వెనక, దవడ కింద రోజూ కొంచెం రాసి కడిగి చూడమనండి. ఎరుపు, దురద వస్తే అది పక్కన పెట్టాల్సిందే. వెడ్డింగ్ మేకప్ తీయడానికి తడి వైప్స్ ఒక్కటే సరిపోవని కూడా చెప్పండి. అవి పైపొరను తుడిచి మిగతాదాన్ని మొహమంతా పులుముతాయి. తప్పనిసరై వాడినా ఆ తర్వాత మొహం కడుక్కోవాలి. నొప్పితో ఉబ్బిన గడ్డలు, చీము, గుంటలు పడే మచ్చలు కనిపిస్తే మాత్రం క్లెన్సర్లు మార్చి చూస్తూ కూర్చోకుండా చర్మవైద్యుల దగ్గరకు పంపండి. అలాంటి మొటిమలకు ఆలస్యమైన కొద్దీ మచ్చలు లోతుగా పడతాయి.