పాత ఉద్యోగి గురించి ఫోన్ వస్తే

మాజీ ఉద్యోగి గురించి కొత్త కంపెనీ చేసే విచారణ రెండు రకాలు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ సంస్థ పంపే ఫారంలో చేరిన తేదీ, రిలీవైన తేదీ, హోదా లాంటి గళ్లుంటాయి. వాటిని హెచ్‌ఆర్ విభాగం రికార్డు చూసి నింపేస్తుంది. చిక్కల్లా రెండోదానితోనే. కొత్త మేనేజరు నేరుగా పాత మేనేజరుకు ఫోన్ చేసి, "మనిషి ఎలాంటివారండీ?" అంటాడు.

"చాలా మంచివారండీ" అని చాలామంది తప్పించుకుంటారు. అది మర్యాద కాదు, పిరికితనం. ఆ మాటతో అడిగినవారికి ఏమీ తెలియదు. 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు లెక్కగడితే, పనితీరును అంచనా వేయడంలో రిఫరెన్స్ చెక్, పద్ధతి ప్రకారం చేసే ఇంటర్వ్యూలో సగం దాకానే పనికొచ్చింది.

దీనికి మంచి అలవాటు ఒకటుంది. అప్పటికప్పుడు జవాబివ్వకుండా "అరగంటలో నేనే చేస్తాను" అని పెట్టేయాలి. తిరిగి చేసేది కంపెనీ ఆఫీసు నంబరుకే కాబట్టి, అడిగింది ఎవరో కూడా తేలిపోతుంది. ఈలోగా అప్రైజల్ ఫైలు తీసి, కాగితం మీద నిలువుగా గీత గీయాలి. ఎడమవైపు కళ్లారా చూసినవి, కుడివైపు చెవిన పడ్డవి.

ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్ సంగతే తీసుకుందాం. ఆమె బగ్ రిపోర్టు చదివాక డెవలపర్ మళ్లీ ఏమీ అడగనక్కర్లేదు. రెండు రిలీజులకు మాత్రం రిపోర్టు ఆలస్యమైంది, అప్పుడు ఆమె మీద మూడు ప్రాజెక్టులున్నాయి. ఇవి ఎడమవైపుకు వస్తాయి. ఆఫీసు వేళల్లో ఇంటర్వ్యూలకు వెళ్లిందట అన్నది కుడివైపుకు. ఫోన్ చేసే ముందు కుడివైపంతా కొట్టేయాలి.

"టైముకి ఇస్తారా?" అని అడిగితే జవాబు ఇలా ఉండాలి: "రెండుసార్లు ఆలస్యమైందండీ. అప్పుడు మూడు ప్రాజెక్టులు చూస్తున్నారు. పని ఎక్కువైందని ముందే చెప్పే అలవాటు తక్కువ, వారానికోసారి అడిగితే సరిపోతుంది." లోపం దాగలేదు, మనిషీ చులకన కాలేదు. ఇది ఎవరికైనా రెండు మూడు ఫోన్లతో పట్టుబడే నేర్పే.

భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టాన్ని నేరంగా చూస్తుంది. ఎదుటివారి ప్రయోజనం కాపాడటానికి సద్భావంతో చెప్పిన మాటకు అందులో మినహాయింపు ఉంది. చట్టం దృష్టిలో తగిన శ్రద్ధ లేనిది సద్భావం కాదు. కుడివైపు మాటలు నోట రాకూడదనేది అందుకే.

ఆరోగ్యం, పెళ్లి, జీతం సంగతులు చెప్పకూడదు. దొంగతనం లాంటి ఆరోపణలుంటే హెచ్‌ఆర్‌కే వదిలేయాలి. "మళ్లీ తీసుకుంటారా?" అన్నప్పుడు కంపెనీ నియమం అడ్డొస్తే, "ఎవరి విషయంలోనూ మేమిది చెప్పమండీ" అనాలి. ఉత్తినే ఆగిపోతే అవతలివారు దాన్ని "లేదు" అనే అర్థం చేసుకుంటారు.

మంచిగా చెప్పలేమని ముందే తెలిస్తే, రిఫరెన్స్‌గా మీ పేరు ఇవ్వమంటారా అని ఉద్యోగి అడిగిన రోజే ఆ మాట చెప్పేయాలి. వేరొకరి పేరు ఇచ్చుకోవడానికి అతనికి వ్యవధి ఉంటుంది.