జేబులో కార్డు, పక్కవాడి చేతిలో రీడరు

“లండన్ ట్యూబులో రద్దీగా ఉన్నప్పుడు ఎవడో రీడరుని మన జేబుకి ఆనించి డబ్బు లాగేస్తాడట, నిజమేనా?” నేను కార్డు చెల్లింపుల సాఫ్ట్‌వేరు రాస్తానని తెలిసిన మిత్రులు తరచు అడిగే ప్రశ్న ఇది. ఆ దొంగ మనమే అనుకుని లెక్క వేసి చూద్దాం. చేతిలో చిన్న కార్డు మెషీను ఉంది. అందులో 20 పౌండ్లు కొట్టి సిద్ధంగా ఉంచాం.

మొదటి చిక్కు దూరం. కార్డులో బ్యాటరీ ఉండదు. రీడరు పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే దాని చిప్పుకి కరెంటు అందాలి. దూరం పెరిగేకొద్దీ ఈ క్షేత్రం చాలా త్వరగా బలహీనపడుతుంది. అందుకే దుకాణాల్లోని రీడర్లు సుమారు 4 సెంటీమీటర్ల లోపే పనిచేస్తాయి. కోటు మందం, పర్సు మందం అందులోనే ఇమడాలి. పైగా పర్సులో ఇలాంటి కార్డులు రెండుంటే రెండూ పలుకుతాయి. అప్పుడు రీడరు తనంతట తాను ఒకదాన్ని ఎంచుకోకూడదు, ఒక్క కార్డే చూపించమని ఆగిపోవాలి అన్నది ఈఎంవీ నియమం.

అదృష్టం బాగుండి బీప్ మోగిందనుకుందాం. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. చిప్పు నుంచి మెషీనులోకి డబ్బు రాదు, ఒక సంకేతం వస్తుంది. ధర, కరెన్సీ, రీడరు ఇచ్చిన యాదృచ్ఛిక సంఖ్య, కార్డు వాడకాల లెక్క, వీటన్నిటినీ కలిపి చిప్పు తన రహస్య కీతో ఆ సంకేతాన్ని తయారుచేస్తుంది. అది ఆ ఒక్క కొనుగోలుకే చెల్లుతుంది. దాన్ని దాచుకుని మరో ధరకి వాడలేం.

బ్యాంకు ఒప్పుకున్నా, డబ్బు చేరేది ఆ మెషీను ఏ వ్యాపారి పేరున నమోదైందో ఆ ఖాతాకే. ఆ ఖాతా తెరవడానికి గుర్తింపు పత్రాలు, చిరునామా ఇచ్చి ఉండాలి. మనం 50 మంది దగ్గర 1000 పౌండ్లు కొట్టామనుకోండి. కొందరి ఫోన్లలో వెంటనే సందేశం మోగుతుంది. ఫిర్యాదులన్నీ ఒకే వ్యాపారిని చూపిస్తాయి. డబ్బు చేతికి రావడానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది, ఈలోగా ఖాతా స్తంభించిపోవచ్చు. బ్రిటన్‌లో 2017 చెల్లింపు నిబంధనల ప్రకారం, అనుమతి లేని చెల్లింపుని బ్యాంకు మామూలుగా ఫిర్యాదు అందిన మరుసటి పనిదినం ముగిసేలోగా తిరిగి ఇవ్వాలి. జేబు కొట్టేవాడు నోట్లతో మాయమవుతాడు. ఈ దొంగ మాత్రం ప్రతి బాధితుడి స్టేట్‌మెంటులో తన ఆచూకీ వదిలి వెళతాడు.

మెషీను బదులు ఫోనుతో చదివితే? కార్డు నంబరు, గడువు తేదీ దొరకవచ్చు. వెనక ముద్రించిన మూడంకెలు చిప్పు చెప్పదు.

మిగిలిన నిజమైన దారి ఒకటుంది. ఇద్దరు దొంగలు రెండు ఫోన్లతో మీ కార్డు జవాబులని అప్పటికప్పుడు దూరంగా ఉన్న రీడరుకి అందించవచ్చు. 2024లో ఈసెట్ సంస్థ బయటపెట్టిన ఎన్‌గేట్ మోసంలో జరిగింది ఇలాంటిదే. కానీ అక్కడ ఎవరూ ఎవరినీ రాసుకుని వెళ్ళలేదు. చెక్ దేశంలో బ్యాంకు పేరు చెప్పి నమ్మించి, బాధితుల చేతే కార్డుని వాళ్ళ ఫోనుకి ఆనింపజేసి, పిన్ కూడా కొట్టించారు.

కాబట్టి కార్డు సందేశాలు వచ్చేలా పెట్టుకోండి. రైల్లో పక్కవాడికన్నా, “మీ కార్డుని ఫోనుకి తాకించండి” అని ఫోన్ చేసేవాడిని ఎక్కువ అనుమానించండి.