ముహూర్తం గురువారమా, శుక్రవారమా?

నంద్యాల

చిరంజీవి చిట్టికి,

అక్క పెళ్ళికి అమెరికా నుంచి వచ్చే మనవాళ్ళ కోసం నువ్వు తయారుచేసిన పుస్తకం అందింది. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. కానీ మొదటి పేజీలోనే ఒకటి మార్చాలి తల్లీ. అది మారకపోతే సగంమంది పెళ్ళికి వేళ తప్పి వస్తారు.

శుభలేఖలో ‘గురువారం రాత్రి 2.34, తెల్లవారితే శుక్రవారం’ అని ఉంది. నువ్వు దాన్ని ‘గురువారం 2.34’ అని ఎక్కించావు. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలై మళ్ళీ సూర్యోదయం దాకా ఉంటుంది. అందుకే అర్ధరాత్రి దాటినా పురోహితుడు గురువారమనే రాస్తారు. మీ గడియారానికి మాత్రం అది శుక్రవారం. నీ పుస్తకం చూసుకుని ఒకరు గురువారం మధ్యాహ్నమే వచ్చి కూర్చుంటారు. ఇంకొకరు బుధవారం రాత్రే బండెక్కుతారు. ‘గురువారం రాత్రి భోజనం చేసి మండపంలోనే ఉండండి. శుక్రవారం తెల్లవారుజామున 2.34కు ముహూర్తం’ అని విడమరిచి రాయి. నెల పేరు అక్షరాల్లో వెయ్యి. అంకెల్లో వేస్తే అమెరికావాళ్ళు నెలను ముందు చదువుకుంటారు. రాలేక ఫోనులో చూసే వాళ్ళకు, న్యూయార్క్‌లో అప్పుడు గురువారం సాయంత్రం 4.04 అని కూడా చెప్పు.

రెండోది, తాళి కట్టేదే ముహూర్తమని రాశావు. మన పెళ్ళిలో సుముహూర్తం జీలకర్ర బెల్లానిది. తాళి ఆ తర్వాత. అడ్డతెరకు అటొకరు ఇటొకరు కూర్చుని, సరిగ్గా 2.34కు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్ద పెడతారు. గట్టిమేళం మోగుతుంది, తెర దించుతారు. అందరూ అక్షింతలు వెయ్యాల్సింది అప్పుడే. ముందే పంచిన అక్షింతలను కుడిచేతిలో పట్టుకుని మేళం కోసం కాచుకోమను. ఆ తర్వాత వచ్చే తలంబ్రాలు మాత్రం వధూవరులవి. మనవాళ్ళు ఉత్సాహంగా వాటిలో చెయ్యి పెట్టకూడదు.

ఇక వేళలు ఆ 2.34 నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రా. రెండు గంటలకల్లా అందరూ మండపంలో కూర్చోవాలి. అంతకు ముందు గౌరీపూజ, కన్యాదానం సన్నాహాలు. సాయంత్రం ఏడింటికి ఎదురుకోళ్ళు. మనది ఆడపిల్లవారి పక్షం కాబట్టి మగపెళ్ళివారికి ఎదురెళ్ళి పానకం ఇవ్వాల్సింది మనమే. వచ్చేవాళ్ళు అతిథుల్లా కుర్చీల్లో కూర్చుంటే బాగుండదు. ఈ మాట తప్పక రాయి. నంద్యాల హోటళ్ళ నుంచి మండపం ఉన్న ఆళ్ళగడ్డకు గంట ప్రయాణం. ఏడింటికి అక్కడుండాలంటే బస్సు అయిదున్నరకే కదలాలి. అరగంట ఎప్పుడూ చీరకుచ్చిళ్ళకే పోతుంది.

తాళి, తలంబ్రాలు అయ్యాక అరుంధతీ దర్శనం. పగటి పెళ్ళిళ్ళలో పురోహితుడు చూపిన దిక్కుకు దండం పెట్టి సరిపెట్టుకుంటాం. మనకు నిజంగానే కనిపించే అవకాశం ఉంది. మాఘమాసంలో మూడున్నర ప్రాంతంలో సప్తర్షులు ఉత్తరాన, ఆకాశంలో సగానికి పైగా ఎత్తులో ఉంటారు. ఆ గరిటె కాడలో మధ్య నక్షత్రం వశిష్ఠుడు, పక్కన ఆనుకుని మసకగా ఉన్నది అరుంధతి. మండపం దీపాల కింద నిలబడితే ఏమీ కనబడదు. పెరటివైపు లైట్లు రెండు నిమిషాలు ఆర్పమని మీ నాన్నకు చెప్పాను.

బట్టల సంగతి. నలుగుకు పాత నూలు బట్టలే కట్టుకోవాలి. పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రగా మారుతుంది, తెల్లపట్టు మీద అయితే ఇక అంతే. రాత్రి పట్టుచీర మీదికి శాలువా ఉండాలి, తెల్లవారుజామున చలి. మండపం మెట్ల దగ్గర చెప్పులు విడవాలి కాబట్టి తాళ్ళ బూట్లు వద్దు. ముహూర్తానికి నల్లబట్టలు పెద్దవాళ్ళకు నచ్చవు.

ఒక పేజీ పార్వేటకు ఉంచు. కనుమ నాడు అహోబిలం నుంచి జ్వాలానరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో బయలుదేరి నలభై రోజులకు పైగా మన చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి స్వామి తానే వచ్చి పిలుస్తాడని నమ్మకం. చెంచులక్ష్మిని పెళ్ళాడాడు గనుక చెంచులకు ఆయన అల్లుడు. దారిలో పల్లకి ఎదురైతే బస్సు ఆపి, చెప్పులు విడిచి దండం పెట్టుకోమను. ఎగువ అహోబిలం కొండలు ఎక్కాలనుకునేవాళ్ళు పెళ్ళికి ముందురోజు కాక, నిద్ర తీరాక శనివారం వెళ్ళడం మేలు.

శుక్రవారం పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం ఓళిగలు. అప్పగింతల వేళ మాత్రం ఖాళీగా ఉంచు, అది పురోహితుడి చేతిలో కంటే మీ అమ్మ చేతిలో ఎక్కువ ఉంది. దిద్దిన ప్రతి పంపు, పురోహితుడికి చదివి వినిపించాకే అచ్చుకిద్దాం.

ఆశీస్సులతో
మీ అత్త