ఊరికి అయోడిన్ సరిగా అందుతున్నదా? ఉప్పు, మూత్రం, మెడ చెప్పే సంగతులు



దంతాలపల్లి చుట్టుపక్కల ఊళ్ళ కుటుంబాలు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంట్లో పాకెట్ ఉప్పే వాడుతున్నాం గదా, మా అత్తమ్మ మెడ మీద గడ్డ ఎందుకు తగ్గలేదు? అయోడిన్ అందుతలేదా?" ఇది మంచి ప్రశ్న. మెడను ఒక్కదాన్నే చూసి దీనికి జవాబు చెప్పలేము. ఒక ఊరికి అయోడిన్ అందుతున్నదో లేదో తెలియాలంటే మూడు చోట్ల చూడాలి. వంటింటి ఉప్పు, పిల్లల మూత్రం, మెడలోని థైరాయిడ్ గ్రంథి. ఈ మూడూ మూడు వేర్వేరు కాలాల సంగతి చెబుతాయి.

మొదట ఉప్పు

మన దేశంలో అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదనే నిషేధాన్ని 2000లో ఎత్తివేశారు. తిరిగి 2006 మే 17 నుంచి అమలులోకి తెచ్చారు. ఆ మధ్యకాలంలో, అంటే 2005-06లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సరిపడినంత అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్ళు 31 శాతం మాత్రమే. సరిపడినంత అంటే ఇంట్లోని ఉప్పు కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్. వందకు 90 ఇళ్ళలోనైనా ఇలాంటి ఉప్పు ఉండాలన్నది లక్ష్యం.

ఇంటింటికీ వెళ్ళి ఉప్పు పరీక్షించేటప్పుడు ఒక పొరపాటు సులువుగా జరుగుతుంది. "ఉప్పు చూపించమ్మా" అంటే ఇంటావిడ కొత్త పాకెట్ తెచ్చి చూపిస్తుంది. కూరలో వేసేది మాత్రం సంతలో కొన్న దొడ్డుప్పు కావచ్చు. అందుకని "నిన్న రాత్రి కూరలో వేసిన ఉప్పు ఒక చెంచాడు ఇయ్యండి" అని అడగాలి. దాని మీద పరీక్ష మందు ఒక చుక్క వేస్తే, అయోడిన్ ఉంటే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదురుగా ఉంటే అయోడిన్ అంత ఎక్కువని అంచనా. కానీ ఈ చుక్క పరీక్ష ఉన్నదా లేదా అన్నంత వరకే గట్టిగా చెబుతుంది. ఎంత ఉన్నదో కచ్చితంగా తెలియాలంటే కొన్ని నమూనాలను ప్రయోగశాలకు పంపాలి.

ఇంకొక సంగతి. దొడ్డుప్పులో మన్ను ఉంటుందని కొందరు కడిగి వాడుతారు. కలిపిన అయోడిన్ ఎక్కువగా ఉప్పు రాయి పైననే ఉంటుంది కనుక కడిగిన నీళ్ళతో అది పోతుంది. మూత లేని డబ్బాలో చెమ్మ పట్టిన ఉప్పులోనూ తగ్గుతుంది.

తరువాత మూత్రం

తిన్న అయోడిన్‌లో నూటికి 90 పాళ్ళకు పైగా ఒకటి రెండు రోజుల్లోనే మూత్రంలో బయటికి పోతుంది. కాబట్టి మూత్రం ఈ మధ్య తిన్నదాని సంగతి చెబుతుంది. మామూలుగా 6 నుంచి 12 ఏళ్ళ బడి పిల్లల దగ్గర నమూనాలు తీసుకుంటారు. వాళ్ళు ఒక్కచోట దొరుకుతారు, ఇంటి తిండే తింటారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక్కరి ఒక్క మూత్రం రిపోర్టు చూసి "నీకు అయోడిన్ లోటు ఉన్నది" అని చెప్పకూడదు. పొద్దున నీళ్ళు ఎక్కువ తాగితే అంకె తగ్గుతుంది, తక్కువ తాగితే పెరుగుతుంది. అందుకే గుంపు మొత్తానికి నడిమి అంకెను చూస్తారు. సరాసరి పనికిరాదు. ఎందుకో చూడండి. ఐదుగురు పిల్లలకు లీటరు మూత్రంలో 40, 60, 80, 90, 630 మైక్రోగ్రాములు వచ్చాయనుకుందాం. సరాసరి 180 వస్తుంది, అంతా బాగున్నట్టు కనబడుతుంది. నడిమి అంకె 80. ఐదుగురిలో నలుగురికి తక్కువే ఉన్న సంగతిని నడిమి అంకె దాచలేదు.

ఆ 630 ఎక్కడిది? పుండుకు రాసిన అయోడిన్ మందు ఆ పిల్లవాడి వేలి నుంచి సీసాలో పడి ఉండవచ్చు. ఈ మధ్య స్కాన్ కోసం అయోడిన్ ఉన్న ఇంజక్షన్ తీసుకున్నా అంకె అమాంతం పెరుగుతుంది. అందుకని నమూనా తీసుకునే ముందే ఈ రెండూ అడగాలి.

బడి పిల్లల నడిమి అంకె 100కు తగ్గితే ఆ ఊరికి లోటు ఉన్నట్టు, 300 దాటితే మోతాదు మించినట్టు. గర్భిణులకు అవసరం ఎక్కువ కనుక వారి హద్దు 150. పిల్లల అంకె 120 ఉన్న ఊళ్ళో కూడా గర్భిణులకు చాలకపోవచ్చు. కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల దీని మీద ఆధారపడి ఉన్నది కాబట్టి వారిని వేరుగా పరీక్షించాలి.

చివరికి మెడ

పరీక్షించేవారు పిల్లవాడికి ఎదురుగా కూర్చుని, గొంతు గొట్టానికి రెండు పక్కలా బొటనవేళ్ళతో తడిమి చూస్తారు. గ్రంథి ఒక పక్క భాగం ఆ పిల్లవాడి బొటనవేలి చివరి కణుపు కంటే పెద్దదైతే గాయిటర్ అంటారు. తడిమితేనే తెలిస్తే మొదటి తరగతి, మెడ నిటారుగా ఉన్నప్పుడే కంటికి కనబడితే రెండవ తరగతి. చిన్న వాపు విషయంలో ఇద్దరు డాక్టర్లు కూడా చెరో మాట చెప్పవచ్చు. బడి పిల్లల్లో నూటికి 5 లేక అంతకు మించి ఉంటే అది ఊరి సమస్య.

ఒక ఊరి లెక్క

లెక్క నేర్చుకోవడానికి ఒక ఊరిని ఊహించుకుందాం. 30 ఇళ్ళలో 18 ఇళ్ళ ఉప్పే సరిగా ఉన్నది, అంటే 60 శాతం. 30 మంది పిల్లల మూత్రం అంకెలను చిన్న నుంచి పెద్దకు వరుసగా రాస్తే 15వది 88, 16వది 94. నడిమి అంకె 91. బడిలో 200 మంది మెడలు చూస్తే 14 మందికి గాయిటర్, అంటే 7 శాతం. మూడూ ఒకటే మాట చెబుతున్నాయి. లోటు ఉన్నది.

దుకాణాల వాళ్ళు మంచి ఉప్పు తెప్పించారు. రెండేళ్ళకు మళ్ళీ చూస్తే 28 ఇళ్ళలో ఉప్పు బాగున్నది, నడిమి అంకె 140. గాయిటర్ మాత్రం ఇంకా 6 శాతం. ఉప్పు పనిచేయలేదా? పనిచేసింది. పెరిగిన గ్రంథి తగ్గడానికి నెలలు, ఏళ్ళు పడుతుంది. మెడ పాత లోటును చూపిస్తుంది, మూత్రం ఇప్పటి తిండిని చూపిస్తుంది. ఒకవేళ ఉప్పు బాగుండి మూత్రం అంకె తక్కువ వస్తే, ఉప్పు కడుగుతున్నారేమో, కూరకు వేరే ఉప్పు వాడుతున్నారేమో వెతకాలి.

ఇక మన అత్తమ్మ సంగతి. ఆమె గడ్డ ఎన్నో ఏళ్ళ కిందటి లోటు వల్ల వచ్చి ఉండవచ్చు. గడ్డలు కట్టి గట్టిపడిన పాత గాయిటర్ ఉప్పుతో కరగదు. ఆమెకు కావలసింది మూత్ర పరీక్ష కాదు. రక్తంలో టి.ఎస్.హెచ్. పరీక్ష, అవసరమైతే మెడ స్కానింగ్. గడ్డ తొందరగా పెరిగినా, గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.

అయోడిన్ కోసమని ఎవరూ ఉప్పు ఎక్కువ తినవద్దు, బి.పి. ఉన్నవారు అసలే వద్దు. తినే కొద్ది ఉప్పు అయోడిన్ ఉన్నదై ఉంటే చాలు. దాన్ని కడగకుండా, మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి.