ఆ రెండు మార్కులు ఎందుకు తగ్గాయి?

ప్రియమైన తల్లిదండ్రులకు,

తొమ్మిదో తరగతి స్టాటిస్టిక్స్ ప్రాజెక్టులో ఒక పేరా ఇలా ఉంది: “మా సర్వేలో ట్యూషన్‌కు వెళ్లేవారి సగటు మార్కులు తక్కువ. కాబట్టి ట్యూషన్ వల్ల మార్కులు తగ్గుతాయి.”

మొదటి వాక్యానికి పూర్తి మార్కులు వేశాను, లెక్క సరైనదే. “కాబట్టి” కింద ఎర్ర గీత గీసి, “ఏది ముందు జరిగింది?” అని రాసి, 2 మార్కులు తగ్గించాను. చాలా ఇళ్లలో మార్కులు తగ్గాకే ట్యూషన్ పెట్టిస్తారు కదా!

అసలు సంగతి తెలియాలంటే, నిరుడు ఒకే స్థాయి మార్కులు వచ్చిన పిల్లల్లో ట్యూషన్‌కు వెళ్లినవారినీ వెళ్లనివారినీ ఈ ఏడాది పోల్చాలి. అప్పుడు కూడా ఇంట్లో చదివే సమయం వంటి తేడాలు మిగిలే ఉంటాయి.

“సగటు తక్కువగా ఉంది, కారణం ఈ సర్వేతో తేలదు” అని రాసి ఉంటే ఆ 2 మార్కులూ వచ్చేవి. మీరూ ఆ పేరా చూసి ట్యూషన్ మాన్పించకండి.