కేక్ ఫొటో చూసి ‘అయింది’ అనకండి

పుట్టినరోజు సాయంత్రం వాట్సాప్‌లో ఫొటో వస్తుంది: నడిమధ్య గుంట, పక్కన పగులు, కింద “ఇది అయినట్టేనా పిన్నీ?” అని ప్రశ్న. జవాబు చెప్పేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కేక్ పచ్చిగా ఉందని ఫొటో పట్టివ్వగలదు కానీ, పూర్తిగా బేక్ అయిందని హామీ ఇవ్వలేదు. లోపలి వేడి, మెత్తదనం కెమెరాకు కనబడవు. పచ్చి పిండి తింటే వచ్చే ఇబ్బంది రుచితో పోయేది కాదు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండవచ్చు. గుడ్డు లేని కేక్ అయినా మైదా పచ్చి సరుకే. 2016లో అమెరికాలో మైదా ద్వారా వ్యాపించిన ఈ.కోలై వల్ల 63 మంది జబ్బుపడ్డారు. చిన్నపిల్లలు, గర్భిణులు, వృద్ధులు తినే కేక్ అయితే మరింత జాగ్రత్త అవసరం.

ఈ సూచనలు మామూలు స్పాంజ్, బటర్ కేకులకు. బ్రౌనీలు, చీజ్‌కేక్‌ల లెక్క వేరు.

చేయవలసినవి

1. సరైన ఫొటో అడగండి. పైనుంచి తీసిన ఫొటోలో గుంట లోతు తెలియదు. కేక్‌ను కిటికీ దగ్గర పెట్టి, ఫ్లాష్ లేకుండా, ఫిల్టర్ లేకుండా, గిన్నె అంచుకు సమానమైన ఎత్తు నుంచి ఒకటి, పైనుంచి ఒకటి తీసి పంపమనండి. గిన్నెను మెల్లగా కదిపి ఐదు సెకన్ల వీడియో తీస్తే ఇంకా మంచిది. అంచులు కదలకుండా మధ్యభాగం మాత్రమే తొణికితే, లోపల పిండి ఇంకా ద్రవంగానే ఉన్నట్టు.

2. గుంటను చూసినప్పుడు దాని మెరుపును కూడా చూడండి. గుంట పడటానికి కారణాలు చాలా ఉన్నాయి. మధ్యభాగం గట్టిపడకముందే బయటికి తీయడం ఒకటి. పొంగుతున్నప్పుడు ఓవెన్ తలుపు తెరవడం, బేకింగ్ పౌడర్ ఎక్కువవడం కూడా కారణాలే. ఈ రెండింటిలో పిండి పొంగి, నిలబడే బలం రాకముందే కుంగిపోతుంది. అలా కుంగినా, తరువాత పూర్తిగా బేక్ అయి ఉండవచ్చు. అప్పుడు గుంట పైభాగం మిగతా కేక్‌లాగే పొడిగా, మెరుపు లేకుండా ఉంటుంది. గుంట తడిగా, నిగనిగలాడుతూ, చుట్టూ ఉన్నదానికంటే ముదురు రంగులో కనిపిస్తే పచ్చిదని అనుమానించాలి. కుక్కర్‌లో చేసిన కేక్‌కు మాత్రం ఒక మినహాయింపు ఉంది. మూతకు పట్టిన ఆవిరి నీటిబొట్లుగా కేక్ మీద పడి, ఉడికిన కేక్‌ను కూడా తడిగా చూపిస్తుంది. పైన వేడి తగలదు కాబట్టి రంగు కూడా తెల్లగానే ఉంటుంది.

3. పగుళ్ల లోపలికి చూడండి. ఓవెన్ బాగా వేడెక్కినా, గిన్నె చిన్నదైనా పైపొర ముందే గట్టిపడుతుంది. లోపలి పిండి ఇంకా పొంగుతూ ఆ పొరను చీల్చుకుని పైకి వస్తుంది. అందుకే పగులు దానంతటది తప్పు కాదు, పచ్చిదనానికి గుర్తూ కాదు. చూడవలసింది పగులు అడుగును. అక్కడ చిన్న చిన్న రంధ్రాలతో పొడిగా ఉంటే నయం. ముద్దలా, నున్నగా మెరుస్తుంటే ఇంకా బేక్ కావాలి.

4. కోసిన ముక్కలో చారల రంగు కాదు, అల్లిక చూడండి. మార్బుల్ కేక్‌లో చారలు ఉండటం సహజమే, కానీ ఆ చారల్లోనూ గాలి రంధ్రాలు ఉంటాయి. రంధ్రాలు లేకుండా, జిగురుగా, కత్తికి అంటుకునే పట్టీ కనిపిస్తే అది పచ్చిపిండి చార అయ్యే అవకాశమే ఎక్కువ. తెల్లటి పొడి మచ్చలు కనబడితే కలవకుండా మిగిలిన మైదా ఉండలు. వాటిని కూడా తినకూడదు.

5. ఆఖరి తీర్పు పుల్లకూ థర్మామీటర్‌కూ వదలండి. టూత్‌పిక్‌ను గుంట మధ్యలో ఒకసారి, దాని పక్కన ఒకసారి గుచ్చమనండి. పొడి పలుకులు రెండు మూడు అంటుకున్నా పరవాలేదు, తడిపిండి అంటుకోకూడదు. పండుముక్కకో చాక్లెట్‌కో తగిలి తడిసిందేమోనని మరోచోట కూడా చూడాలి. వంట థర్మామీటర్ ఉంటే మధ్యలో 96 నుంచి 99 డిగ్రీల సెల్సియస్ మధ్య చూపించాలి.

ఒక ఉదాహరణ

ఏడు అంగుళాల గిన్నెలో గుడ్లతో చేసిన వెనిలా స్పాంజ్. ఓటీజీలో 180 డిగ్రీల మీద 30 నిమిషాలు ఉంచి తీశారు. ఫొటోలో అంచులు గోధుమరంగుకు తిరిగి, గిన్నె నుంచి విడిపడ్డాయి. మధ్యలో చిన్న గిన్నె మూతంత గుంట, దాని మీద మెరుపు. పక్క పగులులో పసుపు ముద్ద. అంటే అంచులు అయ్యాయి, నడుమ కాలేదు.

ఇక అడగవలసింది ఒకటే: “బయటికి తీసి ఎంతసేపైంది?” ఐదు నిమిషాలైతే కేక్‌ను కాపాడవచ్చు. గిన్నెను కదిలించకుండా జాగ్రత్తగా మళ్లీ ఓవెన్‌లో పెట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పి, వేడిని 160-170 డిగ్రీలకు తగ్గించి పది నిమిషాలు ఉంచమనండి. పుల్లతో పరీక్షించి, తడి ఉంటే మరో ఐదు నిమిషాల చొప్పున పెంచుకోవాలి. ఫాయిల్ లేకపోతే పైన మాడిపోతుంది. గుంట మళ్లీ పైకి లేవదు. కానీ పుల్ల పొడిగా వచ్చాక అది అందానికి సంబంధించిన లోపమే. చల్లారాక క్రీమ్‌తో నింపుకోవచ్చు.

చేయకూడనివి

రంగు చూసి తీర్పు చెప్పవద్దు. పైపొర ఎర్రబడటం బయటి వేడి సంగతే చెబుతుంది. చాక్లెట్ కేక్ మొదటినుంచే ముదురుగా ఉంటుంది, పసుపు బల్బు కింద తెల్లని కేక్ కూడా బంగారురంగులో కనిపిస్తుంది.

అంచులు బాగున్నాయని ముందే కోసి పెట్టవద్దు. నడుమ పచ్చిగా ఉంటే కత్తి ఆ పిండిని బాగున్న ముక్కలకూ పూస్తుంది. అలా కోసిన ముక్క ఫొటోకు బాగుండవచ్చు, పిల్లల పళ్లెంలోకి వెళ్లకూడదు.

మైక్రోవేవ్‌లో ఒక నిమిషం తిప్పి సరిపెట్టవద్దు. వేడి ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా పాకుతుంది. పచ్చి చార అలాగే మిగలవచ్చు.

గుంటను క్రీమ్‌తో కప్పి దాచవద్దు. కింద తడిపిండి ఉంటే, పైన ఎంత అలంకరించినా ప్రమాదం అలాగే ఉంటుంది.

రెండు గంటలు దాటి గది వేడిలో ఉన్న పచ్చి కేక్‌ను మళ్లీ ఓవెన్‌లో పెట్టి కాపాడాలని చూడవద్దు. గుడ్లు, పాలు ఉన్న తడిపిండి గోరువెచ్చగా ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. కొన్ని వదిలే విషపదార్థాలు వేడికి నశించవు. అది పారేయవలసిందే.

ఎంత స్పష్టమైన ఫొటో వచ్చినా జవాబు మూడింట్లో ఒకటిగా ఉంచండి: “మెరుపు కనబడుతోంది, వెంటనే మళ్లీ ఓవెన్‌లో పెట్టు”, “పొడిగా ఉన్నట్టుంది, పుల్ల గుచ్చి చూసి చెప్పు”, “చాలాసేపైంది, తినకండి”. “అయింది, కోసేయ్” అని మాత్రం అనకండి. ఆ మాట చెప్పవలసింది పుల్ల చేతిలో పట్టుకున్న మనిషి.