ముల్లు దిగినప్పటి నుంచి గీత గియ్యి

తమ్ముడూ,

ఇన్‌ఫ్లమేషన్ చాప్టరు మీద నువ్వు గీసి పంపిన చార్టు రాత్రి డ్యూటీలో చూశాను. నాలుగు రంగుల పెన్నులు అరగదీశావు గానీ, అది చార్టు కాలేదు. పుస్తకాన్నే చిన్న అక్షరాల్లో మళ్లీ రాశావు. ఎడమవైపు దశలు, కుడివైపు మీడియేటర్ల పేర్లు, అడుగున ఫలితాలు. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఒక్క గీతైనా లేదు. సెకండియర్‌లో నేనూ ఇలాగే రాసుకెళ్లి, వైవాలో "ఇందులో ఒక పేరు కొట్టేస్తే ఏమవుతుంది?" అని అడిగితే నోరు తెరవలేదు.

కాగితం అడ్డంగా తిప్పు. పోయిన వేసవిలో చేలో నాన్న అరికాల్లో దిగిన తుమ్మముల్లు గుర్తుంది కదా, దాన్నే తీసుకో. పైన కాలం గీత గీసి నిమిషాలు, గంటలు, రోజులు అని గుర్తులు పెట్టు. దాని కింద గళ్లలో నామవాచకాలు వద్దు, జరిగే పని రాయి: నాళం వెడల్పవుతుంది, గోడ కారుతుంది, తెల్లకణం బయటికొస్తుంది, సూక్ష్మజీవిని తింటుంది. ఏ పనిని ఏ మీడియేటర్ చేయిస్తుందో దాని పేరు ఆ గడి కిందే వేలాడాలి.

అలా పెట్టగానే జాబితాలో కనబడనిది ఒకటి బయటపడుతుంది. హిస్టమిన్ మాస్ట్ కణాల్లో ముందే నిల్వ ఉంటుంది కాబట్టి నిమిషాల గడిలోకి వస్తుంది. అందుకే ముల్లు గుచ్చుకున్న కాసేపటికే ఎర్రదనం, వాపు. టీఎన్ఎఫ్, ఐఎల్-1లను కణాలు అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి, కాబట్టి అవి గంటల గడిలోకి జరుగుతాయి. ఏది ముందు, ఏది వెనక అని బట్టీ పట్టే పని తప్పింది.

తెల్లకణం బయటికొచ్చే గడికి సగం కాగితం ఇచ్చెయ్. మిగతావి ఇరుకైనా ఫరవాలేదు. రక్తంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్‌ని గోడ దగ్గర సెలెక్టిన్లు పట్టీ పట్టనట్టు పట్టుకుంటాయి, అది దొర్లుతుంది. కీమోకైన్లు తగిలాక దాని ఇంటెగ్రిన్లు బిగుసుకుని గోడమీది ఐకామ్-1ని గట్టిగా పట్టుకుంటాయి, అది ఆగుతుంది. తర్వాత పీకామ్-1 సాయంతో రెండు ఎండోథీలియల్ కణాల మధ్యనుంచి దూరుతుంది. బయటికొచ్చాక సీ5ఏ, ఎల్‌టీబీ4, ఐఎల్-8ల జాడ పట్టుకుని ముల్లు వైపు నడుస్తుంది. దొర్లడం, అతకడం, దూరడం, నడవడం: నాలుగు చిన్న గళ్లు, ఒక్కోదాని కింద దాని పేరు.

ఇప్పుడు అతకడం గడిని బొటనవేలితో మూసి చూడు. న్యూట్రోఫిల్ దొర్లుతూనే ఉంటుంది, బయటికి మాత్రం రాదు. అంటే రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్ విపరీతంగా ఉంటాయి, గాయంలో చీము కనబడదు, ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి, పసిబిడ్డకైతే బొడ్డు ఊడడం ఆలస్యమవుతుంది. ల్యూకోసైట్ అడ్హీషన్ డెఫిషియెన్సీ మొదటి రకం అంటే ఇదే. నువ్వు దాన్ని మూలన వేరే డబ్బా కట్టి రాశావు. నిజానికి అది ఈ చార్టులో పడ్డ ఒక చిల్లు. వేలు పెట్టినా ఏమీ ఆగకపోతే ఆ గడి తప్పు చోట ఉన్నట్టే.

మామూలుగా 6 నుంచి 24 గంటల దాకా న్యూట్రోఫిల్స్‌ది పైచేయి, 24–48 గంటల్లో మోనోసైట్లు వాటి స్థానంలోకి వస్తాయి. అన్నిటికీ ఇది కుదరదు. సూడోమొనాస్ అయితే న్యూట్రోఫిల్స్ రోజుల తరబడి వస్తూనే ఉంటాయి, వైరస్ అయితే లింఫోసైట్లే ముందు రావచ్చు. ఇవి అంచున పెన్సిల్‌తో చాలు.

ఫలితాలకు నువ్వు సమానంగా మూడు డబ్బాలు కట్టావు, అది నాకు నచ్చలేదు. రెండు ప్రశ్నలు రాసి దారి చీల్చు. కారణం పోయిందా? పోకపోతే క్రానిక్ వైపు. పోతే రెండోది: చచ్చిన కణాలు తిరిగి పుట్టగలవా, కణజాలం కట్టడం నిలిచి ఉందా? రెండూ అవునంటే పూర్తిగా మానుతుంది. లోబార్ న్యుమోనియాలో గాలితిత్తుల గోడలు చెడకుండా ఉంటాయి కాబట్టి ఊపిరితిత్తి చాలాసార్లు మామూలైపోతుంది. గుండెపోటులో చచ్చిన కండరం తిరిగి రాదు, అక్కడ మచ్చే మిగులుతుంది. చీముగడ్డను చివర్న పెట్టకు, దారి మధ్యలో పెట్టు. అది అక్కడే ఆగదు, లోపలి కణజాలం కరిగిపోయింది కాబట్టి చాలావరకు మచ్చ వైపే పోతుంది.

నాన్న కాలు మొదటి ప్రశ్న దగ్గరే చిక్కింది. ముల్లు తీశామనుకున్నాం, మొన విరిగి లోపలే ఉంది. వారాల తర్వాత గట్టిగా కాయలా తగిలితే కోసి తీశారు. ఆ స్లైడు నా దగ్గరే ఉంది. విరిగిన మొన చుట్టూ మాక్రోఫేజ్‌లు కలిసిపోయి, ఒక్కోదాంట్లో బోలెడు కేంద్రకాలతో జెయింట్ సెల్స్ అయి కూర్చున్నాయి. ఆదివారం కొత్త కాగితం పట్టుకుని రా. ముందు నీ చార్టు మీద నేను వేలు పెడతాను, తర్వాత స్లైడు చూద్దువు గాని.

అక్క